నిన్న రాత్రి కారం... ఇవాళ పొద్దున మంట!

మా ఓపీలో కుర్రాళ్లు చాలా విషయాలు మొహమాటం లేకుండానే చెబుతారు. జుట్టు ఊడిపోతోందంటారు, నిద్ర పట్టడం లేదంటారు. ఈ ఒక్క విషయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గించి, తలుపు వేసుందో లేదో చూసుకుని, ‘డాక్టర్ గారూ... టాయిలెట్‌కి వెళ్లినప్పుడు మంట’ అని సగంలో ఆపేస్తారు. మిగతా సగం నేనే పూర్తి చేస్తాను: ‘ముందు రోజు ఏం తిన్నారు?’

జవాబు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. వేపుడు, బిర్యానీ, ఎర్రటి నూడుల్స్, లేదా ఎవరో పందెం కాస్తే తిన్న అరడజను మిర్చి బజ్జీలు. తినేటప్పుడు నోరు మండింది, అది అర్థమవుతుంది. తర్వాత పది పన్నెండు గంటలు అంతా మామూలుగానే ఉంది. మర్నాడు మళ్లీ మంట! అదీ నోటికి పూర్తిగా అవతలి చివర. ఆ మధ్యలో కారం ఎక్కడికి పోయింది? మళ్లీ ఎలా ప్రత్యక్షమైంది?

నిజానికి అది ఎక్కడికీ పోలేదు. అదే అసలు సంగతి.

అది కాలడం కాదు, కాలినట్టు అనిపించడం

మిరపకాయలో మంట పుట్టించే పదార్థం పేరు క్యాప్సైసిన్. ఇది గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువగా ఉండేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో. గింజలకు కారం ఆ ఈనెను తాకడం వల్ల అంటుతుంది. ఈసారి బజ్జీకి మిరపకాయ చీల్చేటప్పుడు ఆ తెల్ల ఈనె లాగేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

క్యాప్సైసిన్ నాలుకను కాల్చదు, పుండు పెట్టదు. అది చేసే పని ఒక మోసం. మన శరీరంలో వేడిని పసిగట్టే నరాల చివర్ల మీద చిన్న చిన్న ద్వారాలు ఉంటాయి. వాటి పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అవి తెరుచుకుని, ‘కాలుతోంది, చెయ్యి తియ్యి’ అని మెదడుకు కబురు పంపుతాయి. క్యాప్సైసిన్ దొంగతాళం లాంటిది. వేడి లేకుండానే అదే ద్వారాన్ని తెరిచేస్తుంది. మెదడుకు వెళ్లే కబురు మాత్రం అదే: కాలుతోంది! ఈ ద్వారాన్ని అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. వాళ్లు దాన్ని వెతికిపట్టుకోవడానికి వాడిన సాధనం కూడా మిరపలోని ఈ క్యాప్సైసినే. 2021లో ఆయనకు మరో శాస్త్రవేత్తతో కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన పచ్చడి బండ మీది కారానికి నోబెల్‌తో చుట్టరికం ఉందన్నమాట.

ఇందులో ఇంకో మెలిక ఉంది. నా ఉద్దేశంలో మొత్తం కథకు ఇదే కీలకం. క్యాప్సైసిన్ ఆ ద్వారాన్ని తెరవడమే కాదు, దాన్ని మరీ సున్నితంగా మార్చేస్తుంది. మామూలుగా 43 డిగ్రీల దగ్గర తెరుచుకోవాల్సింది కాస్తా అంతకంటే చాలా తక్కువ వేడికే తెరుచుకుంటుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. అంటే, కారం తగిలిన చోట మన సొంత ఒంటి వేడే మంటలా అనిపిస్తుంది. మిర్చి బజ్జీ తిన్న నోటితో వేడి టీ తాగితే ప్రాణం పోయినంత పనవడం, చల్లటి మజ్జిగ తాగితే హాయిగా ఉండటం ఇందుకే. ఈ సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి, కింది అంతస్తులో కూడా ఇదే పనిచేస్తుంది.

మధ్యలో ఎందుకు తెలియదు?

మింగిన కారంలో ఎక్కువ భాగం జీర్ణాశయంలోనూ, చిన్నపేగులోనూ రక్తంలోకి వెళ్లిపోతుంది. అక్కడి నుంచి కాలేయానికి చేరితే, అది దాన్ని విరిచి పనికిరాకుండా చేస్తుంది. అయితే అంతా వెళ్లదు. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. వేపుడు నూనెలోనూ, సరిగా నమలని మిరప తొక్కలోనూ చిక్కుకున్న కారంలో కొంత అలాగే పెద్దపేగులోకి జారుతుంది. అక్కడి నుంచి బయటికి.

మరి దారి పొడవునా ఆ ద్వారాలు లేవా అంటే, ఉన్నాయి. పేగుల్లో కూడా టీఆర్‌పీవీ1 ఉన్న నరాలు పుష్కలంగా ఉన్నాయి. కొందరికి కారం తిన్నాక కడుపులో వెచ్చగా అనిపించడం, మెలిపెట్టడం వాటి పనే. కానీ పేగుల నుంచి మెదడుకు వెళ్లే నరాల తీరు వేరు. అవి ‘ఎక్కడో ఏదో బాగోలేదు’ అని మొద్దుగా చెబుతాయి తప్ప, ‘ఇక్కడ, సరిగ్గా ఇక్కడ మంట’ అని వేలుపెట్టి చూపించలేవు.

మలద్వారం దగ్గరికి వచ్చేసరికి సీన్ మారిపోతుంది. బయటి అంచు నుంచి సుమారు రెండు సెంటీమీటర్లు లోపలికి ఒక సరిహద్దు గీత ఉంటుంది. దాన్ని మేం డెంటేట్ లైన్ అంటాం. ఆ గీతకు పైన ఉన్నది పేగు పొర. కింద ఉన్నది చర్మానికి దగ్గరి బంధువు. పైన మొద్దు నరాలు, కింద చర్మానికి ఉండే చురుకైన నరాలు. మన వేలి కొసకు, పెదవికి ఎంత స్పష్టంగా నొప్పి తెలుస్తుందో, ఇక్కడా అంతే స్పష్టంగా తెలుస్తుంది. దేవుడు తప్పుచేశాడని తిట్టుకోకండి. వచ్చేది గాలా, నీళ్లా, గట్టి పదార్థమా అన్నది మీరు నలుగురిలో కూర్చుని ఉన్నప్పుడు సరిగ్గా చెప్పగలిగేది ఈ చోటే.

ఇంతసేపూ మొద్దు నరాల వీధిలో నిశ్శబ్దంగా నడిచొచ్చిన కారం, చివరి రెండు సెంటీమీటర్లలో ఒక్కసారిగా చురుకైన నరాల మీద పడుతుంది. అదీ 37 డిగ్రీల వెచ్చదనంతో కలిసి. మంట అక్కడే మొదలవుతుంది.

ఒక శనివారం రాత్రి లెక్క

ఈమధ్య ఒక సోమవారం పొద్దున్నే వచ్చిన కుర్రాడి సంగతి చెబుతాను. పేరు అక్కర్లేదు. 23 ఏళ్లు, కూకట్‌పల్లిలో హాస్టల్, కొత్త ఉద్యోగం. ‘సార్, నాకు మొలలు వచ్చేశాయి. రక్తం కూడా పడింది’ అన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. రాత్రంతా ఫోన్లో ‘మలంలో రక్తం’ అని వెతుకుతూ కూర్చున్నాడట. ఆ వెతుకులాట చివరికి క్యాన్సర్ దగ్గర ఆగుతుందని మీకూ తెలుసు.

వివరాలు అడిగాను. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు నలుగురు స్నేహితులు కలిశారు. ఎక్స్‌ట్రా కారం వేయించిన కోడి వేపుడు, రెండు బీర్లు, అన్నం దాదాపు లేదు. పెరుగు అసలే లేదు. ఆదివారం పొద్దున పదకొండింటికి కడుపులో మెలిపెట్టి నీళ్లలా మోషన్. విపరీతమైన మంట. గంటలో మళ్లీ ఇంకోసారి. సాయంత్రానికి మంట తగ్గిపోయింది.

ముందు కారం లెక్క చూద్దాం. మిరప ఘాటును స్కోవిల్ యూనిట్లలో కొలుస్తారు. గుంటూరు సన్నం రకానికి సుమారు 35,000 నుంచి 40,000 వరకు చెబుతారు. పదహారు స్కోవిల్ యూనిట్లంటే, కిలో మిరపలో సుమారు ఒక మిల్లీగ్రాము కారం. ఆ లెక్కన 40,000 యూనిట్ల కారప్పొడి ఒక్కో గ్రాములో రెండున్నర మిల్లీగ్రాముల మంట పదార్థం ఉంటుంది. మనవాడి వంతుకు వచ్చిన ముక్కల్లో రెండు చిన్న చెంచాలు, అంటే ఐదు గ్రాముల కారం ఉందనుకుందాం. అది పన్నెండు మిల్లీగ్రాములు దాటుతుంది. అందులో పదో వంతే పేగు చివరిదాకా చేరిందనుకున్నా ఒక మిల్లీగ్రాముకు పైనే. వినడానికి చీమంత. కానీ ఈ పదార్థం లక్షల వంతుల్లో ఒక వంతు ఉన్నా మన నాలుక కనిపెట్టేస్తుంది. చర్మం లాంటి ఆ రెండు సెంటీమీటర్లకు అది తక్కువేం కాదు.

ఇక టైము లెక్క. తిన్న తిండి బయటికి రావడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. పొట్టలో రెండు నుంచి నాలుగు గంటలు, చిన్నపేగులో ఇంకో నాలుగైదు గంటలు, మిగతా సమయమంతా పెద్దపేగులోనే. పెద్దపేగు తీరిగ్గా నీళ్లు పీల్చుకుంటూ కూర్చుంటుంది. మనవాడికి మాత్రం పదమూడున్నర గంటల్లోనే పని అయిపోయింది. ఎందుకంటే, కారం ఎక్కువైతే పేగులు హడావుడి పడతాయి. ఖాళీ కడుపుతో తిన్నాడు, పైగా నూనె, బీరు. సరుకు తొందరగా కదిలిపోయింది. రక్తంలోకి వెళ్లాల్సిన కారం వెళ్లలేదు, పీల్చుకోవాల్సిన నీళ్లు పీల్చుకోలేదు.

ఆ హడావుడిలో ఇంకో పదార్థం కూడా కిందికి కొట్టుకొచ్చేస్తుంది. అది పిత్తరసం. కొవ్వు అరగడానికి కాలేయం దీన్ని వదులుతుంది. మామూలుగా చిన్నపేగు చివర్లో దాదాపు అంతా వెనక్కి పీల్చేసుకుంటాం. విరేచనాల్లో ఆ అవకాశం దొరకదు. పిత్తరసం చర్మానికి తగిలితే ఒరిపిడి, మంట. అంటే మనవాడి మంటలో కారానిది ఒక వాటా, పిత్తరసానిది ఒక వాటా, నాలుగుసార్లు గట్టిగా తుడవడానిది ఇంకో వాటా. అదే కారం తిన్నా మామూలుగా గట్టిగా మోషన్ అయినవాళ్లకు మంట చాలా తక్కువ ఉండటానికి కారణం ఇదే. కారం ముద్ద లోపల చిక్కుకుపోతుంది, చర్మానికి తగిలేది కాస్తే.

బీరు సంగతి కూడా చెప్పాలి. ఆల్కహాల్ కూడా అదే టీఆర్‌పీవీ1 ద్వారాన్ని సున్నితం చేస్తుంది. పుండు మీద స్పిరిట్ వేస్తే చుర్రుమనేది అందుకే. కారంతో పాటు మందు తాగితే మంట తగ్గుతుందన్నది బార్ టేబుల్ దగ్గర పుట్టిన మాట, అంతే.

మరి రక్తం? ‘చూపిస్తాను సార్’ అని ఫోన్ తీశాడు. ఫొటో తీశాడు! ఈ తరం మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే. జూమ్ చేసి చూస్తే ఎర్రగా, పలచగా, అంచులు స్పష్టంగా ఉన్న చిన్న చిన్న పేళ్లు. మిరప తొక్క. మన పేగులు దాన్ని అరిగించుకోలేవు, వెళ్లింది వెళ్లినట్టే వస్తుంది. టమాటా తొక్క, బీట్‌రూట్ కూడా ఇలాగే భయపెడతాయి. రక్తం అయితే పేళ్లలా ఉండదు. నీళ్లలో కరిగి వ్యాపిస్తుంది, లేదా మలం పైన గీతలా, టిష్యూ మీద మరకలా ఉంటుంది. అయినా ఫొటోను నమ్మి వదిలేయలేదు, పరీక్ష చేశాను. చీలిక లేదు, మొలలు లేవు. కుర్రాడు లేచి నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా చెప్పాడు: హాస్టల్ దగ్గర కరెంటు స్తంభానికి అంటించిన ‘మొలలకు ఒక్క ఇంజెక్షన్‌తో గ్యారంటీ’ బోర్డు నంబరుకు అప్పటికే ఫోన్ చేశాడట. సాయంత్రం రమ్మన్నారట. లేని మొలలకు అక్కడ ఏం గుచ్చేవారో ఊహించుకోవడం కూడా నాకు ఇష్టం లేదు.

మండుతుంటే ఏం చేయాలి?

చల్లటి నీళ్లు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న సూత్రం ఇదే. వేడి తగిలితే ఆ ద్వారాలు ఇంకా తెరుచుకుంటాయి, చల్లదనానికి మూసుకుంటాయి. టబ్బులో చల్లటి నీళ్లు పోసుకుని ఐదు పది నిమిషాలు కూర్చుంటే చాలామందికి ఉపశమనం. ఐసు ముక్క నేరుగా పెట్టొద్దు. సబ్బు వద్దు, అది ఒరిసిన చర్మాన్ని ఇంకా మండిస్తుంది. జెట్ స్ప్రే ఫుల్ ఫోర్సుతో కొట్టొద్దు. కడుక్కున్నాక రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దుకోండి.

ఒక్క నీళ్లతోనే కారం పూర్తిగా పోదు, ఎందుకంటే అది నూనెలోనే కరుగుతుంది. కడిగి ఆరాక కొబ్బరి నూనె గానీ, వ్యాజిలిన్ గానీ పలచగా రాస్తే చర్మానికి అడ్డుపొరలా ఉంటుంది. ఇంకోసారి వెళ్లాల్సి వస్తుందని అనుమానం ఉంటే, వెళ్లకముందే రాయడం ఇంకా మంచిది. ఘాటైన బామ్‌లు, యాంటీసెప్టిక్ ద్రావణాలు ఆ దరిదాపులకు కూడా తీసుకురావద్దు. ఎవరూ అలా చేయరనుకుంటున్నారా? చేసినవాళ్లను చూశాను కాబట్టే చెబుతున్నాను.

మర్నాడు పొద్దున పెరుగు తింటే మంట తగ్గుతుందా అని అడుగుతారు. కింది మంటకైతే దాంతో పెద్దగా ఉపయోగం ఉండదు. పాలల్లో, పెరుగులో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ కారాన్ని పట్టుకుంటుంది, నిజమే. కానీ అది కారంతో కలిసే చోట ఉంటేనే. పొద్దున తిన్న పెరుగు, రాత్రి తిన్న కారాన్ని వెంటపడి పట్టుకోలేదు. అందుకే పెరుగన్నం వేపుడుతో పాటే, అదే పూట కడుపులో పడాలి. మన భోజనంలో చివర్న పెరుగన్నం ఉండటం వెనుక ఇంత లెక్క వేసుకున్నారని నేననను గానీ, లెక్క మాత్రం సరిపోతుంది. ఖాళీ కడుపుతో కారం తినకపోవడం, ముందు నాలుగు ముద్దలు అన్నమో రొట్టో పడనివ్వడం కూడా అంతే ముఖ్యం. విరేచనాలు మూడు నాలుగు అయితే ఓఆర్‌ఎస్ తాగండి.

మా తాతకు ఏమీ కాదు, నాకే ఎందుకు?

గుంటూరు వైపు పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ సద్దన్నం తినే పెద్దవాళ్లను చూసి కుర్రాళ్లు ఉడుక్కుంటారు. తేడా వాళ్ల ధైర్యంలో లేదు, నరాల్లో ఉంది. రోజూ కారం తగులుతుంటే ఆ ద్వారాలు అలిసిపోయి, తర్వాత తర్వాత స్పందించడం తగ్గిస్తాయి. ఇది నాలుకకే పరిమితం కాదు, పేగు కింది కొసకూ వర్తిస్తుంది. థాయ్‌లాండ్ వైద్యులు విరేచనాల రకం ఐబీఎస్ ఉన్నవాళ్లకు కొన్ని వారాలపాటు మిరప క్యాప్సూల్స్ ఇచ్చి చూస్తే, మొదట్లో మంట ఎక్కువై, రానురాను తగ్గింది. మలద్వారం దగ్గర తగ్గని దురదకు చాలా పలచటి క్యాప్సైసిన్ క్రీమును మందుగా వాడిన పరిశోధనలు కూడా ఉన్నాయి. దయచేసి దీన్ని ఇంట్లో కారప్పొడితో ప్రయత్నించకండి.

ఈ అలవాటు శాశ్వతం కాదు. కొంతకాలం చప్పటి తిండి తిని సెలవులకు ఇంటికొచ్చి, మొదటిరోజే అమ్మ చేసిన ఆవకాయ మీద దండయాత్ర చేసిన విదేశీ విద్యార్థులు నాకు ఏటా తగులుతూనే ఉంటారు. నాలుగైదు రోజులు మెల్లగా పెంచుకుంటూ వెళితే ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది. ఐబీఎస్ ఉన్నవాళ్ల సంగతి మాత్రం వేరు. వాళ్ల పేగు నరాలు ముందే అతిసున్నితంగా ఉంటాయి కాబట్టి, అందరికీ పడిన కారం వాళ్లకు పడకపోవచ్చు.

కారం మీదికి నెట్టేయకూడని మంట

పై కుర్రాడిది ఉత్తి భయం. దీనికి సరిగ్గా వ్యతిరేకం ఇంకొకటి ఉంది, అది నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ‘నాకు కారం పడదులే’ అనుకుంటూ నెలలు గడిపేసేవాళ్లు. వాళ్లలో చాలామందికి ఉండేది ఫిషర్, అంటే మలద్వారం దగ్గర చిన్న చీలిక. గట్టి మలం వెళ్లేటప్పుడు చిరిగి, ఆ తర్వాత మానదు. గంటల తరబడి కూర్చునే ఉద్యోగాలు, నీళ్లు తాగకపోవడం, ఫోన్ పట్టుకుని కమోడ్ మీద అరగంట... ఇవన్నీ ఉన్న పాతికేళ్లవాళ్లలో ఇది మామూలే.

తేడా తెలుసుకోవడం కష్టం కాదు. కారం మంట కారం తిన్న మర్నాడో, ఆ మర్నాడో వస్తుంది, ఎక్కువగా లూజ్ మోషన్‌తో వస్తుంది, గంటా రెండు గంటల్లో, మహా అయితే ఆ రోజు సాయంత్రానికి పోతుంది. ఫిషర్ నొప్పి చప్పటి తిండి తిన్న రోజున కూడా వస్తుంది. మలం గట్టిగా ఉన్నప్పుడు గాజుపెంకు కోసినట్టు ఉంటుంది. అయిపోయాక కూడా గంటల తరబడి సలుపుతుంది, ఎర్రటి రక్తం చుక్కలు పడతాయి. దీనికి చల్లటి నీళ్లు కాదు, గోరువెచ్చటి నీళ్లలో కూర్చోమంటాం. ఎందుకంటే ఇక్కడ బాధలో పెద్ద వాటా బిగుసుకుపోయిన కండరానిది, వెచ్చదనానికి అది వదులవుతుంది. ఫిషర్ ఉన్నవాళ్లకు కారం నిజంగానే పుండు మీద కారం, కాబట్టి మానేదాకా తగ్గించాల్సిందే. కారం మానేస్తే చీలిక అతుక్కోదు మాత్రం. పీచు, నీళ్లు, ఇసబ్‌గోల్, కండరాన్ని వదులు చేసే పూతమందు, వీటితో కొత్తగా వచ్చిన ఫిషర్లు చాలావరకు కొన్ని వారాల్లోనే ఆపరేషన్ లేకుండా మానతాయి. నెలలు ఆగి వస్తే ఆ అవకాశం తగ్గుతుంది.

మలంతో రక్తం కలిసి వచ్చినా, తారులా నల్లగా వచ్చినా, జ్వరంతో విరేచనాలైనా, పక్కన వాపుతో కూర్చోలేనంత నొప్పి ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా మిరపకాయ మీద నింద వేసి ఊరుకోకండి. జ్వరమో, రక్తమో ఉన్నప్పుడు మోషన్స్ ఆపే మాత్ర మీ అంతట మీరు వేసుకోవద్దు. ఫిజీషియన్ అయినా, జనరల్ సర్జన్ అయినా ఫర్వాలేదు, వెళ్లండి. పరీక్షకు పట్టేది రెండు నిమిషాలు. ఫొటో ఉంటే తెచ్చుకోండి, మేమేం అనుకోం.